రొయ్య రబ్బరయ్యేది ఎక్కడ?

రొయ్యల కూర చాలా ఇళ్లలో చెడేది మసాలా వేశాక కాదు, వేయకముందే. వలిచి కడిగిన రొయ్యలను మూకుట్లో పోసి, ఉప్పూ పసుపూ చల్లి, ఊరిన నీరంతా ఇగిరిపోయేదాకా పొయ్యి మీద ఉంచడం మనకు తరాలుగా వస్తున్న అలవాటు. ఉల్లిపాయలూ అల్లం వెల్లుల్లీ కారమూ ఆ తర్వాతే. నీరు ఇగరడానికి ఎనిమిదో పదో నిమిషాలు పడుతుంది. మసాలాలో వేయించడానికి ఇంకో ఐదు నిమిషాలు. నీళ్లు పోసి కూర దగ్గరపడేదాకా ఉడికించడానికి మరో పది. అంటే పాతిక నిమిషాల దాకా సెగ మీద ఉంటుందన్నమాట. ఆ సైజు రొయ్యకి నిజంగా కావలసింది రెండున్నర, మూడు నిమిషాలు.

పంటికి సాగుతుంటే తప్పు రొయ్యల మీదికి పోతుంది. పాత సరుకు ఇచ్చారనో, చెరువు రొయ్యలు ఇంతేననో, ఐసులో పెట్టినవి ఇలాగే ఉంటాయనో అంటాం. ఐసు మాటలో కొంత నిజముంది, దాని సంగతి తర్వాత చూద్దాం. కానీ పొద్దున పట్టిన రొయ్యని తెచ్చి ఇదే పద్ధతిలో వండినా రబ్బరే అవుతుంది. కారణం దాని కండలోనే ఉంది.

రొయ్యలో మనం తినేది తోక కండ. బతికున్నప్పుడు దాని ముఖ్యమైన పని, ఆపద ఎదురైతే తోకను ఒక్క విసురున పొట్ట కిందికి ముడిచి వెనక్కి గెంతడం. బరువు మోస్తూ గట్లెక్కే మేకకు కండపోగులను కట్టి ఉంచే గట్టి పొరలు చాలా కావాలి. నీళ్లలో తేలే రొయ్యకి అంత కట్టు అక్కర్లేదు. మాంసంలోని ఆ పొరలు కొల్లాజెన్ అనే మాంసకృత్తితో ఏర్పడతాయి. గంటసేపు ఉడికితే అది కరిగి జిగురుగా మారుతుంది. అందుకే మటన్ మొదట గట్టిపడి, ఇంకా ఉడికిస్తే మెత్తబడుతుంది. రొయ్యకి ఆ రెండో దశ లేదు. కరిగి మెత్తబడాల్సిన పొరలు అంతగా లేవు కాబట్టి ఎంతసేపు ఉంచితే అంత బిగుసుకుంటుంది. బాగా ఉడికితే మెత్తబడుతుందన్న ఆశతో కుక్కర్లో రెండు విజిల్స్ పెట్టేవాళ్లున్నారు. రొయ్య విషయంలో ఆ లెక్క తలకిందులు.

వలిచిన రొయ్య బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. ఆ నీటిని కండలోని మాంసకృత్తులు పట్టి ఉంచుతాయి. వేడి సుమారు 50 డిగ్రీల సెల్సియస్‌కి చేరేసరికి వాటిలో మయోసిన్ అనేది గడ్డకట్టడం మొదలవుతుంది. గాజులా మెరిసే పచ్చి కండ తెల్లబడి, కొంచెం గట్టిపడి, పంటికింద తెగే స్థితికి వస్తుంది. ఇది మనకు కావలసిన మార్పే. వేడి 70 డిగ్రీల దరిదాపులకు చేరితే యాక్టిన్ అనే ఇంకో మాంసకృత్తి కూడా ముడుచుకుంటుంది. తడిగుడ్డను మెలిపెట్టి పిండినట్టు పోగులు బిగిసి, లోపలి నీరు బయటికి వచ్చేస్తుంది. ఉడుకుతున్న కూర వేడి 100 డిగ్రీలు. గోటి మందం ఉన్న చిన్న కండ అందులో పడితే బాగా ఉడికిన స్థితి నుంచి బిగుసుకుపోయిన స్థితికి చేరడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇప్పుడు ఆ మూకుట్లో ఊరిన నీరు ఏమిటో ఆలోచించండి. అందులో కడిగినప్పుడు అంటుకున్న నీళ్లు కొంత. మిగతాది రొయ్య రసం, ఉడికే కొద్దీ దాని కండ బయటికి వదిలేసినది. ఆ నీరు ఇగిరేదాకా రొయ్యని అందులోనే ఉంచడమంటే, దాని రసం దానిలోంచి పోయాక కూడా ఉడికిస్తూ ఉండటమే. పాతకాలంలో ఈ పద్ధతికి అర్థముంది. ఐసు లేని రోజుల్లో, సంతలో ఎండకి నిలబడి వచ్చిన రొయ్యని ఉప్పూ పసుపుతో గట్టిగా ఉడకబెట్టి పక్కన పెడితే సాయంత్రం దాకా పాడవకుండా ఆగేది, నీచు వాసనా కొంత తగ్గేది. ఇప్పుడు ఇంట్లో ఫ్రిజ్ ఉంది. అయినా ఆ అలవాటు మాత్రం మిగిలిపోయింది.

ఎర్రబడితే ఉడికినట్టేనా?

కాదు. పచ్చి రొయ్య బూడిద, నీలం కలిసిన రంగులో కనిపించడానికి కారణం, ఆస్టాజాంథిన్ అనే ఎర్రటి రంగుపదార్థం ఒక మాంసకృత్తికి అంటుకుని తన అసలు రంగును దాచుకుని ఉండటమే. వేడికి ఆ మాంసకృత్తి చెదరగానే ఎరుపు బయటపడుతుంది. ఈ రంగు ఎక్కువగా పొట్టులోనూ, కండ పైన ఉండే పల్చటి పొరలోనూ ఉంటుంది. సెగ ముందు తగిలేది కూడా అక్కడే. అందుకే మూకుట్లో వేసిన అర నిమిషానికే రొయ్య పైకి ఎర్రగా ముస్తాబవుతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది.

అర్ధచంద్రాకారంలో వంగితే ఉడికినట్టు, సున్నాలా చుట్టుకుపోతే ఎక్కువ ఉడికినట్టు అని ఒక గుర్తు చెబుతారు. తోకను పొట్ట కిందికి ముడిచే కండ లావైనది కాబట్టి వేడికి రొయ్య ఆ వైపే వంగుతుంది. ఈ గుర్తు చాలావరకు పనిచేస్తుంది కానీ దాన్నే నమ్ముకోకండి. వీపు మీద లోతుగా గాటు పెట్టిన రొయ్య త్వరగా చుట్టుకుంటుంది, పుల్లకి గుచ్చినది అసలు వంగనే వంగదు. నమ్మదగిన చోటు ఒకటే. తల తీసేసిన వైపు కండ అన్నిటికన్నా లావుగా ఉంటుంది. అక్కడ ఒకదాన్ని గరిటె అంచుతో తుంచి చూడండి. మధ్యలో గాజులాంటి మెరుపు కనిపిస్తే ఇంకా కావాలి. మెరుపు పోయి ముత్యంలా తెల్లబడి, ఇంకా తడిగా ఉంటే అయిపోయినట్టే. పొడిగా, పోగులు పోగులుగా విడిపోతుంటే దాటిపోయింది. వంటింటి థర్మామీటర్ ఉన్నవాళ్లకి ఒక లెక్క: అమెరికా ప్రభుత్వ ఆహార భద్రతా సూచనలు చేపలకూ రొయ్యలకూ చెప్పే లోపలి వేడి 63 డిగ్రీల సెల్సియస్. మెత్తగా ఉండాలని పచ్చిగా మాత్రం దించకూడదు. ఉప్పునీటి ప్రాణుల్లో కడుపును పాడుచేసే సూక్ష్మజీవులు ఉండే వీలుంది. గర్భిణులకూ పెద్దవయసు వాళ్లకూ వండేటప్పుడు ఈ జాగ్రత్త ఇంకా అవసరం.

కౌంటును బట్టి నిమిషాలు

భీమవరం వైపు, నెల్లూరు వైపు చెరువుల దగ్గర రొయ్య ధర కౌంటు మీద నడుస్తుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదే కౌంటు. వంద కౌంటు అంటే ఒక్కోటి 10 గ్రాములు, యాభై కౌంటు అంటే 20 గ్రాములు, ముప్పై కౌంటు అంటే దాదాపు 33 గ్రాములు. రైతుకి డబ్బు లెక్క చెప్పే ఈ అంకె వంటింట్లో నిమిషాల లెక్క కూడా చెబుతుంది. కొనేటప్పుడు అమ్మేవాళ్లని అడగండి. చెప్పకపోతే ఒక పావుకిలోలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి.

ఇప్పుడు మన మార్కెట్లలో ఎక్కువగా దొరికేది వనామీ. ఇది లాటిన్ అమెరికా పసిఫిక్ తీరపు జాతి. మన దేశంలో దీని సాగుకి 2009లో అనుమతి వచ్చింది. అంతకుముందు చెరువుల్లో టైగర్ రొయ్యదే రాజ్యం. వనామీలో తల, పొట్టు పోగా మిగిలే కండ మొత్తం బరువులో సగానికి కొంచెం ఎక్కువ. కాబట్టి యాభై కౌంటు రొయ్య వలిచాక పది పదకొండు గ్రాములు ఉంటుంది. ఉడుకుతున్న గ్రేవీలో దానికి రెండున్నర, మూడు నిమిషాలు చాలు. వంద కౌంటుకి ఒకటిన్నర. ముప్పై కౌంటుకి నాలుగు. పొట్టుతో ఉన్న పెద్ద టైగర్ రొయ్యకీ, గోదావరి వాళ్లు ఇష్టంగా తినే నీలకంఠ రొయ్యకీ ఐదారు నిమిషాలు పడుతుంది. ఇవన్నీ ఫ్రిజ్ చల్లదనం పోయిన రొయ్యలకు, ఒక వరుసగా పరిచిన మూకుటికి చెప్పిన లెక్కలు. మూకుడు కిక్కిరిసిపోతే సెగ అందరికీ సమంగా అందదు. అడుగున ఉన్నవి రబ్బరవుతాయి, పైనున్నవి పచ్చిగా ఉంటాయి.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఒక తేడా గమనించాలి. అక్కడ పాకెట్ మీద 26/30 అని ఉంటే అది కిలోకి కాదు, పౌనుకి. పైగా తల తీసినవి. అంటే ఒక్కోటి పదహారు గ్రాముల చొప్పున ఉంటుంది. ఇక్కడి ముప్పై కౌంటు రొయ్యని వలిస్తే వచ్చే సైజుకి దగ్గరగా ఉంటుంది.

నరం ఎక్కడ, ఎలా

వీపు మీద నల్లగా కనిపించే దాన్ని నరం అంటాం కానీ అది పేగు. రొయ్య తిన్నది దానిలోంచే పోతుంది. చెరువు రొయ్యల్లో మేత మిగులు, సముద్రపు రొయ్యల్లో సన్నటి ఇసుక అందులో ఉంటుంది. ఉడికాక తిన్నా ప్రమాదమేమీ లేదు. కానీ పెద్ద రొయ్యలో అది కరకరమంటూ పంటికి తగులుతుంది, కొంచెం చేదు కూడా. కొన్ని రొయ్యల్లో నల్లగా అసలు కనిపించదు. పట్టుబడికి ముందు మేత ఆపేస్తే పేగు ఖాళీగా ఉండి, సన్నటి తెల్లదారంలా ఉంటుంది. అలాంటప్పుడు దానికోసం వెతుకుతూ వీపు చీల్చుకోనక్కర్లేదు. పొట్ట వైపు కూడా ఒక తెల్లటి దారం కనిపిస్తుంది. అసలైన నరం అదే. దానిలో మురికి ఉండదు. దాన్ని తీయడానికి పొట్ట వైపు గాటు పెట్టేవాళ్లున్నారు, అది వృథా శ్రమ.

తీయడానికి మూడు దారులున్నాయి, మూడింటి ఫలితం ఒకటి కాదు.

తలతో ఉన్న తాజా రొయ్య అయితే పని చాలా సులువు. ఎడమ చేత్తో నడుము పట్టుకుని, కుడి చేత్తో తలను కొంచెం మెలితిప్పి, గబుక్కున లాగకుండా నింపాదిగా వెనక్కి లాగండి. చాలాసార్లు తలతో పాటే పేగు మొత్తం దారంలా వచ్చేస్తుంది. తొందరపడితే మధ్యలో తెగుతుంది.

తెగితే, లేదా తల తీసినవే కొంటే, టూత్‌పిక్ పద్ధతి మంచిది. రొయ్యని కొంచెం వంచితే వీపు మీద కణుపుల మధ్య సందులు తెరుచుకుంటాయి. తల వైపు నుంచి రెండో, మూడో కణుపు సందులో, పైనుంచి రెండు మూడు మిల్లీమీటర్ల లోతున టూత్‌పిక్‌ను అడ్డంగా గుచ్చి నెమ్మదిగా పైకి ఎత్తండి. నల్లదారం ఉచ్చులా పైకి వస్తుంది. దాన్ని వేలితో పట్టి తోక వైపు ఒకసారి, తల వైపు ఒకసారి లాగితే సరి. పొట్టు తీయకుండానే ఈ పని చేయవచ్చు. కండ మీద గాటు పడదు కాబట్టి రసం లోపలే ఉంటుంది, ఉడికే సమయమూ మారదు.

మూడోది చాకు. పొట్టు వలిచాక రొయ్యని పీట మీద పడుకోబెట్టి, తల వైపు నుంచి తోక దగ్గరి దాకా వీపు మీద గీత గీసినంత తేలికగా గాటు పెట్టి, చాకు మొనతో పేగు ఎత్తేయడం. మార్కెట్లో వలిచి ఇచ్చేవాళ్లు చేసేది ఇదే, త్వరగా అవుతుంది. అయితే చెయ్యి తిరగనివాళ్లు రొయ్య సగం మందం దాకా చీల్చేస్తారు. అలా చీలినది మూకుట్లో పువ్వులా విచ్చుకుంటుంది. చూడటానికి బాగుంటుంది, మసాలా కూడా ఎక్కువ అంటుకుంటుంది. కానీ కండ మందం సగమైపోయింది కదా, ఉడికే సమయం కూడా అంతే తగ్గుతుంది. యాభై కౌంటు రొయ్యని లోతుగా చీలిస్తే వంద కౌంటు రొయ్యలా చూసుకోవాలి. బజారులో శుభ్రం చేయించుకొచ్చిన రొయ్యలు ఇంట్లో వలిచినవాటి కన్నా త్వరగా గట్టిపడటానికి ఒక కారణం ఇదే.

వంద కౌంటుకి మించిన చిన్న రొయ్యల్లో, చింతకాయ పచ్చట్లోనో గోంగూరలోనో వేసే చిట్టి రొయ్యల్లో నరం కోసం కూర్చోవడం అనవసరం. బాగా నల్లగా కనిపించినవి మాత్రం తీస్తే చాలు.

కడగడం గురించి ఒక్క మాట. పొట్టుతో ఉండగానే రెండు మూడు నీళ్లలో బాగా కడిగేసుకోండి. వలిచి నరం తీశాక ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో ఒక్కసారి జాడించి, చిల్లుల గిన్నెలో వాడ్చండి. వలిచిన రొయ్యల్ని నీళ్లలో నాననిస్తే రుచి నీళ్లపాలవుతుంది, మూకుట్లో వేసినప్పుడు వేగడానికి బదులు ఉడకడం మొదలవుతుంది.

అరకిలో ఇగురు, మొదటి నుంచి

యాభై కౌంటు వనామీ కిలో కొన్నారనుకుందాం. తలలూ పొట్టూ నరమూ పోగా అరకిలో పైచిలుకు మిగులుతుంది. నీళ్లు వాడ్చి, శుభ్రమైన పొడిగుడ్డతో అద్ది, అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు, ఒక చెంచా కారం పట్టించి ఫ్రిజ్‌లో పెట్టండి. పదిహేను ఇరవై నిమిషాలు చాలు. నిమ్మరసం, పెరుగు ఇప్పుడు వద్దు. పులుపులో ఎక్కువసేపు ఉంటే పొయ్యి ఎక్కకముందే కండ తెల్లబడి బిగుసుకుంటుంది.

రొయ్యలు తాజావైతే తలలూ పొట్టూ పారేయకండి. గుప్పెడు తీసుకుని, కడిగి, చెంచా నూనెలో ఎర్రబడేదాకా వేయించి, గ్లాసున్నర నీళ్లు పోసి పది నిమిషాలు మరిగించి వడకట్టండి. నీరు ఇగిరితేనే కూరకి రొయ్య రుచి పడుతుందని వాదించే పెద్దవాళ్లకి జవాబు ఈ గ్లాసుడు రసమే. గంటసేపు ఉడికినా చెడనిది పొట్టు, మూడు నిమిషాలు దాటితే చెడేది కండ. రుచిని పొట్టులోంచి తీసుకుని కండను వదిలేయడం న్యాయం.

ఇప్పుడు మసాలా. వెడల్పాటి మూకుట్లో మూడు పెద్ద చెంచాల నూనె, రెండు పెద్ద ఉల్లిపాయల సన్నటి తరుగు, నాలుగు పచ్చిమిరపకాయలు, కరివేపాకు. ఉల్లిపాయలు బాగా ఎర్రబడాలి, పది పన్నెండు నిమిషాలు పడుతుంది, ఇక్కడ తొందరపడితే కూర తీపిగా ఉంటుంది. అల్లం వెల్లుల్లి ముద్ద ఒకటిన్నర చెంచా వేసి పచ్చి వాసన పోయాక, ఒక చెంచా కారం, ఒక చెంచా ధనియాల పొడి, రెండు టమాటాల తరుగు. ఉప్పు రొయ్యలకి పట్టించేసి ఉంది కాబట్టి ఇక్కడ చూసి వేయాలి. టమాటా కరిగి నూనె తేలాక పొట్టు రసం పోసి, కూర మీరు వడ్డించేంత దగ్గరగా అయ్యేదాకా ఇగరబెట్టండి. ఇగరబెట్టాల్సింది దీన్ని, రొయ్యని కాదు. ఈ దశలో మసాలా పూర్తిగా తయారై ఉండాలి. కారమో ఉప్పో చాలలేదంటే ఇప్పుడే సరిచేయాలి, రొయ్య పడ్డాక అంత తీరిక దొరకదు.

పక్క పొయ్యి మీద ఇంకో మూకుడు బాగా వేడెక్కించి చెంచా నూనె వేయండి. రొయ్యల్లో సగం ఒక వరుసగా పరచండి. చుయ్యిమని చప్పుడు రావాలి. రాకపోతే మూకుడు వేడెక్కలేదు, రొయ్యలు నీరు వదిలి ఉడకడం మొదలుపెడతాయి. ఒక పక్క నలభై సెకన్లు, తిప్పి ఇంకో పక్క ముప్పై సెకన్లు. పైన ఎర్రబడి మధ్యలో ఇంకా కొంచెం పచ్చిగా ఉండగానే మరుగుతున్న మసాలాలోకి దించేయాలనిపిస్తుంది, ఆగండి. ముందు వాటిని పళ్లెంలోకి తీసి, రెండో వాయి కూడా అయ్యాక రెండిటినీ ఒకేసారి వేయండి. లేకపోతే మొదటి వాయి రెండు నిమిషాలు ఎక్కువ ఉడుకుతుంది. పళ్లెంలో ఊరిన రసం కూడా కూరలోకే. ఒకటిన్నర, రెండు నిమిషాలు కలియబెట్టి, లావాటి దాన్ని ఒకటి తుంచి చూసి, మిరియాల పొడో గరం మసాలానో, కొత్తిమీరో చల్లి పొయ్యి ఆపండి.

ఆపగానే ఇంకో గిన్నెలోకి మార్చండి. చాలామంది మరిచేది ఇక్కడే. మందపాటి మూకుడు పొయ్యి ఆపాక కూడా ఐదారు నిమిషాలు కూరని ఉడికిస్తూనే ఉంటుంది. దానిమీద మూత కూడా పెడితే అప్పటిదాకా లెక్కపెట్టిన నిమిషాలకి అర్థమే ఉండదు.

వంకాయ రొయ్యలు, సొరకాయ రొయ్యలు, మామిడికాయ రొయ్యల పులుసు, అన్నిటికీ సూత్రం ఇదే. కాయ మెత్తబడి, పులుసు చిక్కబడి, దించబోయే ముందు రొయ్య పడాలి. ఇబ్బందంతా బిర్యానీతో. ఇరవై నిమిషాల దమ్ములో ఏ రొయ్యా మెత్తగా మిగలదు. బియ్యాన్ని డెబ్భై శాతం ఉడికించి దమ్ము వేసే పద్ధతి మాంసానికి సరిపోతుంది. రొయ్యల బిర్యానీకి అన్నం దాదాపు పూర్తిగా వండుకుని, మసాలా గ్రేవీ మీద పరిచి, పైపైన వేయించిన రొయ్యల్ని పై పొరల మధ్య పెట్టి, ఐదారు నిమిషాల చిన్న మంట మీద కలిసేలా చేస్తే సరిపోతుంది. పెళ్లి భోజనాల బిర్యానీలో రొయ్య ఎందుకు అంత సాగుతుందో ఈ లెక్కతో ఊహించుకోవచ్చు. వేడి తగ్గకుండా గంటల తరబడి పాత్రలో మూతపెట్టి ఉంచితే వంటవాడు ఎంత నిపుణుడైనా చేయగలిగిందేమీ లేదు.

చిన్న రొయ్యల వేపుడుని మాత్రం ఈ నిబంధన నుంచి తప్పించాలి. పప్పుచారులోకి నంజుకునే ఆ వేపుడులో మనకు కావలసింది మెత్తదనం కాదు, నీరంతా పోయి కరకరలాడటం. చిన్నవి కాబట్టి రబ్బరు దశను దాటేసి పెళుసుబారతాయి. పెద్ద రొయ్యల్ని అలా వేపితే పైన పెళుసు, లోపల తాడు.

రబ్బరు కానిది

ఐసు మాట దగ్గరికి వద్దాం. ఇంటి ఫ్రీజర్‌లో రొయ్య నెమ్మదిగా గడ్డకడుతుంది. నెమ్మదిగా గడ్డకట్టే నీరు పెద్ద పెద్ద మంచు పలుకులై కండను లోపల చీలుస్తుంది. కరిగించినప్పుడు ఆ నీరంతా కారిపోయి, ఉడికేలోపే సగం రసం పోయిన రొయ్య చేతికొస్తుంది. ఒకసారి కరిగిన దాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే ఇంకా అన్యాయం. కొన్న పాకెట్‌ని ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి, లేదా కవరుతో సహా చల్లటి నీళ్లలో అరగంట ఉంచండి. వేడినీళ్లలో వేస్తే కరగడమూ ఉడకడమూ ఒకేసారి మొదలవుతాయి.

రొయ్య గట్టిగా కాకుండా పిండిలా చిదికిపోతుంటే అది వండటంలో తప్పు కాదు. తలలో ఉండే జీర్ణరసాలు, చచ్చాక మెల్లగా తోక కండలోకి దిగి దాన్ని కరిగిస్తాయి. తలతో కొన్న రొయ్యని ఇంటికి రాగానే తల తీసి చల్లగా పెట్టడం దీనికి మందు. చిదికిన దాన్ని ఏ వంటా బాగుచేయలేదు. తల దగ్గర, పొట్టు అంచుల మీద నల్లమచ్చలు మాత్రం వేరే సంగతి. గాలి తగిలి పొట్టులో జరిగే రంగు మార్పే తప్ప కుళ్లు కాదు. అమోనియా వాసన కొడితే ఆలోచించకుండా పారేయాలి.

చైనీస్ హోటళ్లలో రొయ్య నున్నగా, కొరికితే పుటుక్కున తెగేలా ఉండటం చూసి రబ్బరు రొయ్య, ప్లాస్టిక్ రొయ్య అంటుంటారు. అది చాలాసార్లు వంటసోడా మహిమ. అరకిలో వలిచిన రొయ్యలకి అర చెంచా సోడా, అర చెంచా ఉప్పు పట్టించి ఇరవై నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి కడిగేస్తే కండ నీటిని గట్టిగా పట్టుకుంటుంది, ఒక నిమిషం ఎక్కువ ఉడికినా ఎండిపోదు. అలవాటు లేనివాళ్లకి ఇది మంచి ఊతమే. కానీ సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. ఇగురుకి దీని అవసరం లేదన్నది నా అభిప్రాయం.

మిగిలిన కూర సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసి పొయ్యి మీద బుసబుసా మరిగిస్తే నిన్న జాగ్రత్తగా వండిన రొయ్య ఇవాళ రబ్బరే. రొయ్యలను పక్కకి ఏరి, గ్రేవీని విడిగా బాగా మరిగించి, అందులో రొయ్యలు వేసి లోపలి దాకా వేడెక్కగానే దించండి. ఇలా ఒక్కసారికి కుదురుతుంది. రెండోసారి వేడిచేసేంత కూర మిగలకుండా వండుకోవడమే మేలు.